లీవరేజీ క్విజ్: ఆపరేటింగ్, ఫైనాన్షియల్, రెండూ కలిస్తే

బీకాం మూడో సంవత్సరం, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్
మార్కులు: 30. సమయం: గంట. కాలిక్యులేటర్ వాడొచ్చు. ప్రతి లెక్కకూ స్టేట్‌మెంట్ వేయాలి. ఉత్త జవాబు రాస్తే సగం మార్కులే.

ముందుగా ఇది చదవండి

అమ్మకాలు 10 శాతం పెరిగితే లాభం కూడా 10 శాతమే పెరగాలని ఏమీ లేదు. 25 శాతం పెరగొచ్చు, 40 శాతం పెరగొచ్చు. తగ్గేటప్పుడూ అంతే. దీనికి కారణం అమ్మకాలతో పాటు కదలని ఖర్చులు. అవి ఆదాయ పట్టికలో రెండు చోట్ల కూర్చుంటాయి.

మొదటి చోటు ఈబిట్‌కు, అంటే వడ్డీ, పన్ను కట్టక ముందు ఉండే లాభానికి, పైన. షెడ్డు అద్దె, నెల జీతాలు, యంత్రాల తరుగుదల, బీమా. సరుకు ఒక్క కిలో అమ్ముడుపోకపోయినా ఇవి తప్పవు. వీటివల్ల అమ్మకాల్లో చిన్న మార్పు ఈబిట్‌లో పెద్ద మార్పుగా మారడమే ఆపరేటింగ్ లీవరేజీ. రెండో చోటు ఈబిట్‌కు కింద. అక్కడ ఉండేది అప్పుమీద వడ్డీ. దానివల్ల ఈబిట్‌లో మార్పు ఈపీఎస్‌లో, అంటే ఒక్కో షేరుకు వచ్చే లాభంలో, ఇంకా పెద్దదవుతుంది. అది ఫైనాన్షియల్ లీవరేజీ. మొదటిది వ్యాపారం నడిపే తీరు నుంచి, రెండోది పెట్టుబడి తెచ్చిన తీరు నుంచి వస్తుంది. మొదటిదాన్ని కొలిచే అంకె డీఓఎల్, రెండోదాన్ని కొలిచేది డీఎఫ్ఎల్, రెండూ కలిస్తే డీసీఎల్.

డీఓఎల్ = కాంట్రిబ్యూషన్ ÷ ఈబిట్
డీఎఫ్ఎల్ = ఈబిట్ ÷ ఈబీటీ
డీసీఎల్ = డీఓఎల్ × డీఎఫ్ఎల్ = కాంట్రిబ్యూషన్ ÷ ఈబీటీ

కాంట్రిబ్యూషన్ అంటే అమ్మకాల్లోంచి చర వ్యయం తీసేయగా మిగిలేది. ఈబీటీ అంటే వడ్డీ కట్టాక, పన్ను కట్టక ముందు ఉండే లాభం.

ఈ సూత్రాలు బట్టీపడితే రెండు మార్కులు వస్తాయి, విషయం రాదు. డీఓఎల్ 2.5 అంటే, ఈ అమ్మకాల స్థాయిలో, అమ్మకాలు ఒక శాతం కదిలితే ఈబిట్ రెండున్నర శాతం కదులుతుందని అర్థం. ఆ 'ఈ స్థాయిలో' అన్న మాట కింద గీత గీసుకోండి. మూడో ప్రశ్న మొత్తం దాని మీదే.

ప్రశ్నలు

1. ఒక రైస్ మిల్లు యజమాని బస్తాకింత చొప్పున కూలి ఇచ్చే హమాలీలను తగ్గించి కన్వేయర్ బెల్టు పెట్టించాడు. (అ) సొంత డబ్బుతో కొంటే ఏ లీవరేజీ పెరుగుతుంది? (ఆ) బ్యాంకు టర్మ్ లోన్‌తో కొంటే? (2 మార్కులు)

2. గుంటూరులో ఒక కారం పొడి యూనిట్ ఏడాదికి 50,000 కిలోలు అమ్ముతుంది. కిలో ధర ₹400, చర వ్యయం కిలోకు ₹280, స్థిర వ్యయం ₹36 లక్షలు, వడ్డీ ₹8 లక్షలు, పన్ను 25 శాతం, షేర్లు 1 లక్ష. మూడు లీవరేజీలూ కట్టండి. అమ్మకాలు 10 శాతం పడిపోతే ఈపీఎస్ ఎంత? స్టేట్‌మెంట్ వేసి నిరూపించండి. (6 మార్కులు)

3. అదే యూనిట్ 60,000, 40,000, 25,000 కిలోలు అమ్మినప్పుడు డీఓఎల్ ఎంత? 25,000 దగ్గర వచ్చిన అంకెకు అర్థం చెప్పండి. (5 మార్కులు)

4. రెండు స్పిన్నింగ్ మిల్లులు, రెండింటికీ ఈబిట్ ₹20 లక్షలే. మిల్లు 'క': కాంట్రిబ్యూషన్ ₹80 లక్షలు, స్థిర వ్యయం ₹60 లక్షలు (అందులో తరుగుదల ₹25 లక్షలు), వడ్డీ ₹4 లక్షలు. మిల్లు 'చ': కాంట్రిబ్యూషన్ ₹40 లక్షలు, స్థిర వ్యయం ₹20 లక్షలు (తరుగుదల ₹5 లక్షలు), వడ్డీ ₹12 లక్షలు. అమ్మకాలు 20 శాతం పడిపోతే ఏ మిల్లు ముందు ఇబ్బందిలో పడుతుంది? (6 మార్కులు)

5. ఈబిట్ ₹30 లక్షలు, వడ్డీ ₹6 లక్షలు, ప్రిఫరెన్స్ డివిడెండ్ ₹6 లక్షలు, పన్ను 25 శాతం. డీఎఫ్ఎల్ ఎంత? (3 మార్కులు)

6. డీఓఎల్ 3, డీఎఫ్ఎల్ 2, వడ్డీ ₹10 లక్షలు, చర వ్యయం అమ్మకాల్లో 70 శాతం, పన్ను 25 శాతం. ఆదాయ పట్టిక తయారు చేయండి. (4 మార్కులు)

7. ₹1 కోటి పెట్టుబడి కావాలి. పథకం ఒకటి: మొత్తం ₹10 షేర్లు. పథకం రెండు: సగం ₹10 షేర్లు, సగం 10 శాతం వడ్డీకి అప్పు. పన్ను 25 శాతం. ఈబిట్ ₹12 లక్షలైతే ఏది మేలు? ₹8 లక్షలైతే? రెండూ సమానమయ్యే ఈబిట్ ఎంత? (4 మార్కులు)

జవాబులు, వివరణ

1. (అ) ఆపరేటింగ్ లీవరేజీ. బస్తా లెక్కన ఇచ్చే కూలి చర వ్యయం. అది పోయి తరుగుదల, మెయింటెనెన్స్ అనే స్థిర వ్యయం వచ్చింది. (ఆ) రెండూ పెరుగుతాయి, ఎందుకంటే వడ్డీ కూడా తోడైంది.

2. అమ్మకాలు ₹200 లక్షలు, చర వ్యయం ₹140 లక్షలు, కాంట్రిబ్యూషన్ ₹60 లక్షలు. ఈబిట్ 60 − 36 = ₹24 లక్షలు. ఈబీటీ 24 − 8 = ₹16 లక్షలు. పన్ను పోగా ₹12 లక్షలు, ఈపీఎస్ ₹12.

డీఓఎల్ = 60 ÷ 24 = 2.5
డీఎఫ్ఎల్ = 24 ÷ 16 = 1.5
డీసీఎల్ = 2.5 × 1.5 = 3.75

డీసీఎల్ 3.75 కాబట్టి అమ్మకాలు 10 శాతం తగ్గితే ఈపీఎస్ 37.5 శాతం తగ్గాలి. చూద్దాం. 45,000 కిలోల మీద కాంట్రిబ్యూషన్ ₹54 లక్షలు, ఈబిట్ ₹18 లక్షలు (25 శాతం తగ్గింది), ఈబీటీ ₹10 లక్షలు, పన్ను పోగా ₹7.5 లక్షలు, ఈపీఎస్ ₹7.50. పన్నెండు నుంచి ఏడున్నరకు పడటం సరిగ్గా 37.5 శాతమే. ఈ నిరూపణకు రెండు మార్కులు కేటాయించాను, వదిలేయకండి. పన్ను రేటు మారనంత వరకు అది ఈ శాతాన్ని మార్చదని కూడా ఇక్కడే తెలుస్తుంది: ఈబీటీ, ఈపీఎస్ రెండూ ఒకే నిష్పత్తిలో పడ్డాయి.

3. కిలోకు కాంట్రిబ్యూషన్ ₹120.
60,000 కిలోలు: 72 ÷ 36 = 2
40,000 కిలోలు: 48 ÷ 12 = 4
25,000 కిలోలు: 30 ÷ (−6) = −5

యూనిట్ అదే, యంత్రాలు అవే, స్థిర వ్యయం రూపాయి కూడా మారలేదు. అయినా డీఓఎల్ 2 నుంచి 4కి వెళ్లింది. ఈ యూనిట్‌కు బ్రేక్ ఈవెన్ 30,000 కిలోలు (36 లక్షలు ÷ 120). అమ్మకాలు ఆ గీతకు దగ్గరయ్యేకొద్దీ ఈబిట్ సన్నబడుతుంది. భాజకం చిన్నదైతే భాగఫలం పెద్దదవుతుంది. సరిగ్గా 30,000 దగ్గర డీఓఎల్ కట్టలేం, ఎందుకంటే సున్నాతో భాగించాలి. దీన్నే మరో దారిలో సరిచూసుకోవచ్చు: డీఓఎల్ = 1 ÷ మార్జిన్ ఆఫ్ సేఫ్టీ నిష్పత్తి. 50,000 దగ్గర బ్రేక్ ఈవెన్ దాటిన అమ్మకాలు 20,000 కాబట్టి ఆ నిష్పత్తి 20,000 ÷ 50,000, అంటే 40 శాతం. 1 ÷ 0.4 = 2.5. రెండో ప్రశ్న జవాబుతో కలిసింది.

'ఫలానా కంపెనీ డీఓఎల్ ఇంత' అని అమ్మకాల స్థాయి చెప్పకుండా రాస్తే అది అసంపూర్ణ వాక్యం. నేను మార్కు తగ్గిస్తాను.

ఇక −5. ఇది తప్పు లెక్క కాదు. బ్రేక్ ఈవెన్ కంటే కింద ఉన్నామని ఆ గుర్తు చెబుతోంది. అమ్మకాలు 10 శాతం పెరిగి 27,500 అయితే కాంట్రిబ్యూషన్ ₹33 లక్షలు, నష్టం ₹6 లక్షల నుంచి ₹3 లక్షలకు దిగుతుంది. నష్టం 50 శాతం తగ్గింది, అంకె అదే చెప్పింది.

4. మిల్లు 'క': డీఓఎల్ 80 ÷ 20 = 4, డీఎఫ్ఎల్ 20 ÷ 16 = 1.25, డీసీఎల్ 5.
మిల్లు 'చ': డీఓఎల్ 40 ÷ 20 = 2, డీఎఫ్ఎల్ 20 ÷ 8 = 2.5, డీసీఎల్ 5.

అమ్మకాలు 20 శాతం పడితే 'క' కాంట్రిబ్యూషన్ ₹64 లక్షలు, ఈబిట్ ₹4 లక్షలు, వడ్డీ ₹4 లక్షలు, ఈబీటీ సున్నా. 'చ' కాంట్రిబ్యూషన్ ₹32 లక్షలు, ఈబిట్ ₹12 లక్షలు, వడ్డీ ₹12 లక్షలు, ఈబీటీ సున్నా. డీసీఎల్ సమానం కాబట్టి ఈపీఎస్ రెండు చోట్లా ఒకేసారి సున్నాకు చేరింది. 'రెండూ సమానమే' అని ఇక్కడ ఆపేస్తే నాలుగు మార్కులు.

మిగతా రెండు మార్కులు తరుగుదల గమనించినవాళ్లకు. తరుగుదల పుస్తకాల్లో ఖర్చే గానీ ఆ ఏడాది గల్లాలోంచి పోయే డబ్బు కాదు. 'క' చేతిలో ఈబీటీ సున్నా అయినా ₹25 లక్షల నగదు మిగులుతుంది. 'చ' చేతిలో ₹5 లక్షలే. పైగా అప్పు అసలు తీర్చే వాయిదాలు ఈబీటీ పైన ఎక్కడా కనిపించవు కాబట్టి డీఎఫ్ఎల్ వాటిని పట్టుకోదు. ₹12 లక్షల వడ్డీ కట్టే మిల్లుకు వాయిదాలూ పెద్దవే ఉంటాయి. అందుకే 'చ' ముందు ఇబ్బందిలో పడుతుంది.

రెండు లీవరేజీలూ ఒకేచోట ఎక్కువైతే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. కృష్ణా గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 గ్యాస్ క్షేత్రం నుంచి 2009లో గ్యాస్ మొదలైంది. ఆ గ్యాస్ మీద ఆశతో కోస్తాలో విద్యుత్ ప్లాంట్లకు సామర్థ్యం పెంచారు. ఇలాంటి ప్లాంటులో యంత్రాల స్థిర వ్యయం పెద్దది, కట్టడానికి తెచ్చిన అప్పూ పెద్దదే. తర్వాత గ్యాస్ సరఫరా బాగా పడిపోయి ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి. కరెంటు అమ్మకపోతే కాంట్రిబ్యూషన్ లేదు, వడ్డీ మాత్రం ఆగదు. కొండపల్లి ప్లాంటు ఉన్న గ్రూపులోని ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2017లో దివాలా ప్రక్రియలోకి, 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. దానికి గ్యాస్ ఒక్కటే కారణం కాదు. ఇంకా ఎన్నో ప్రాజెక్టుల అప్పులు దాని మీద ఉన్నాయి.

5. ప్రిఫరెన్స్ డివిడెండ్ ఈక్విటీ షేర్లకు ముందే పోతుంది కాబట్టి డీఎఫ్ఎల్ భాజకంలో ఈబీటీలోంచి దాన్నీ తీసేయాలి. కానీ అది పన్ను కట్టాక ఇచ్చేది. కాబట్టి దాన్ని పన్నుకు ముందు మొత్తంగా మార్చాలి: 6 ÷ (1 − 0.25) = ₹8 లక్షలు. డీఎఫ్ఎల్ = 30 ÷ (30 − 6 − 8) = 30 ÷ 16 = 1.875. నేరుగా 6 తీసేసి 30 ÷ 18 = 1.67 అని రాస్తే ఒక్క మార్కే.

6. ఈబిట్ ÷ (ఈబిట్ − 10) = 2 కాబట్టి ఈబిట్ ₹20 లక్షలు. కాంట్రిబ్యూషన్ 3 × 20 = ₹60 లక్షలు. అది అమ్మకాల్లో 30 శాతం, అంటే అమ్మకాలు ₹200 లక్షలు. చర వ్యయం ₹140 లక్షలు, స్థిర వ్యయం ₹40 లక్షలు, ఈబీటీ ₹10 లక్షలు, పన్ను ₹2.5 లక్షలు, నికర లాభం ₹7.5 లక్షలు. ఇలాంటి లెక్కను ఎప్పుడూ కింద నుంచి పైకి కట్టుకుంటూ వెళ్లండి.

7. పథకం ఒకటిలో షేర్లు 10 లక్షలు, రెండులో 5 లక్షలు, వడ్డీ ₹5 లక్షలు.
ఈబిట్ ₹12 లక్షలు: ఒకటిలో ఈపీఎస్ 9 ÷ 10 = ₹0.90. రెండులో 5.25 ÷ 5 = ₹1.05. అప్పు మేలు.
ఈబిట్ ₹8 లక్షలు: ఒకటిలో 6 ÷ 10 = ₹0.60. రెండులో 2.25 ÷ 5 = ₹0.45. అప్పు నష్టం.
సమానం కావాలంటే ఈబిట్ ÷ 10 = (ఈబిట్ − 5) ÷ 5. జవాబు ₹10 లక్షలు.

కోటి మీద పది లక్షలంటే 10 శాతం, అప్పు వడ్డీ కూడా 10 శాతమే. పెట్టుబడి మీద వచ్చే రాబడి వడ్డీ రేటును దాటినప్పుడే అప్పు షేర్‌హోల్డర్లకు కలిసొస్తుందని ఈ ఒక్క వాక్యం రాసినవాళ్లకు లెక్కలో చిన్న పొరపాటున్నా పూర్తి మార్కులు ఇస్తాను.