నీరు కలిసిన పెట్రోలుకు సొమ్ము వాపసు కోరుతూ లేఖ

విశాఖపట్నం,
14-08-2025.

పెట్రోలు బంకు మేనేజరు గారికి,

అయ్యా,

ఈ నెల 12వ తేదీ సాయంత్రం, వర్షం తెరిపి ఇచ్చిన తరువాత, మద్దిలపాలెంలోని మీ బంకులో నా కారుకు రూ.2,000 పెట్రోలు పోయించుకున్నాను. ఇసుకతోట దాటకముందే ఇంజను కుదుపులతో ఆగిపోయి, మళ్లీ స్టార్టు కాలేదు. మెకానిక్ నా ఎదుటే ట్యాంకు ఖాళీ చేసి, కొంత పెట్రోలును ఖాళీ నీళ్ల సీసాలో పట్టి నిలబెట్టగా, కాసేపటికి పైన పెట్రోలు, అడుగున నాలుగు వేళ్ల మందాన మసక నీరు విడివిడిగా కనిపించాయి. ఆ సీసాకు మూత బిగించి భద్రపరిచాను.

ఇథనాల్ కలిపిన పెట్రోలులోకి నీరు చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకు దిగిపోతుందని మీకు తెలియనిది కాదు. అందుకే కదా వానాకాలంలో భూగర్భ ట్యాంకులో లోతు కొలిచే డిప్‌రాడ్‌కు, నీరు తగిలితే రంగు మారే వాటర్ పేస్టు రాసి చూడవలసింది! ఆ రోజు పరీక్ష జరిగిందా అని అడిగితే, మీ సిబ్బంది రిజిస్టరు చూపకుండా, లోపం బండిలోనే ఉందన్నారు. నన్ను ఎక్కువగా బాధించింది ఆ మాటే.

కనుక పెట్రోలు ధర రూ.2,000, ట్యాంకు శుభ్రతకు, ఫిల్టరుకు, కారును లాగించినందుకు అయిన రూ.3,400, మొత్తం రూ.5,400 ఈ నెల 25లోగా చెల్లించగలరు. బిల్లుల నకళ్లు జతచేశాను. లేనిపక్షంలో చమురు సంస్థకు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. మీ భూగర్భ ట్యాంకును పరీక్షించే వరకు అమ్మకం నిలిపివేయగలరని కూడా మనవి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
ఎం.వి.పి. కాలనీ.