పలక మీద 64: సంక్రాంతి సేల్ వీడియో స్క్రిప్ట్

షూటింగ్ డిసెంబర్ ఆఖరి వారం, ఉదయం తొమ్మిదింటికి, బెంగళూరు చిక్‌పేటలో రద్దీ మొదలుకాక ముందే. నిడివి నాలుగు నిమిషాల లోపు. మాట్లాడేది షాపు ఓనరక్క. ఎర్ర అక్షరాలు, టిక్కుటిక్కుమనే గడియారం చప్పుడు, "త్వరపడండి" అనే మాట ఏవీ వద్దు. అక్క రోజూ కౌంటర్ దగ్గర మాట్లాడినట్టే మాట్లాడాలి. తడబడితే తడబడనివ్వండి, కట్ చేయొద్దు.

దృశ్యం 1
షట్టర్ సగమే లేచి ఉంది. అక్క వంగి బయటికొచ్చి గుమ్మం పక్కన మేకుకి పలక తగిలిస్తుంది. పలక మీద సుద్దతో 64.

అక్క: నమస్కారమండీ. ఈ 64 ఏంటంటే, సంక్రాంతికని మా దగ్గరున్న గద్వాల చీరలు. నిన్న రాత్రి నేనూ మా ఆయనా కూర్చుని లెక్కపెట్టాం. ఆయన 66 అన్నారు. మళ్ళీ లెక్కపెడితే 64. (నవ్వు) మా ఇంట్లో ఇది మామూలే. రోజూ రాత్రి షట్టర్ దించేముందు ఎన్ని మిగిలాయో ఈ పలక మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాను.

దృశ్యం 2
బల్ల మీద పరిచిన చీర. వంగపండు రంగు, ఆకుపచ్చ అంచు. కెమెరా అంచుకి బాగా దగ్గరగా. ఇక్కడ సంగీతం వద్దు, బట్ట చప్పుడు వినపడాలి.

అక్క: ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట ఇలా వేలు పెట్టి చూడండి. సూదితో కుట్టింది కాదిది. మగ్గం మీదే నూలు పోగునీ పట్టు పోగునీ ఒకదాంట్లో ఒకటి మెలేస్తారు. (చీర తిరగేసి) వెనకవైపు ఆ మెలికలు తెలుస్తాయి, చూశారా? ఈ డిజైన్‌లో ఒక చీర దిగడానికి వారం పడుతుంది. మనకోసం నేసేవి ఆరు మగ్గాలు. దసరా అయినప్పటి నుంచి నేస్తే వచ్చినవి ఇవి. ఇప్పుడు నేను ఫోన్ చేసి "అన్నా, ఇంకో పది పంపించు" అన్నా పండగలోపు రావు. పండగయ్యాక వస్తాయి, తప్పకుండా వస్తాయి. అప్పుడు ధర మామూలుదే.

దృశ్యం 3
అక్క చేతిలో పాత బిల్లు కాపీ. కొన్నావిడ పేరు, ఫోన్ నంబర్ మీద బొటనవేలు అడ్డం పెట్టాలి. ఎడిటింగ్‌లో కూడా ఒకసారి చూసుకోండి.

అక్క: మామూలు ధర 7,400. జనవరి 3 నుంచి 11 దాకా 6,500. సేల్ అనగానే ముందు పెంచి తర్వాత తగ్గిస్తారని అనుమానం వస్తుంది. రావాలి కూడా. ఫ్రిజ్ కొనేటప్పుడు నాకూ వస్తుంది. అందుకే నవంబర్‌లో ఇదే రకం చీరకి రాసిన బిల్లు చూపిస్తున్నా. 7,400 ఉంది కదా? మరి 900 ఎందుకు తగ్గిస్తున్నావంటే, ఫిబ్రవరిలో నేతవాళ్ళకి తర్వాతి సరుక్కి అడ్వాన్స్ ఇవ్వాలి. చీరలు అరలోనే ఉంటే చేతిలో డబ్బు ఆడదు. అంతే సంగతి.

దృశ్యం 4
మేడ మీద కుట్టుమిషన్. టైలర్ మాస్టర్ పని ఆపరు, ఆపమని అడగొద్దు.

అక్క: మాస్టరూ, జాకెట్లు ఎప్పటిదాకా తీసుకుంటారు?

మాస్టర్ (తలెత్తకుండా): ఏడో తేదీ. రోజుకి నాలుగే కుట్టగలనమ్మా. పోయినేడు మొహమాటానికి ఒప్పుకుని భోగి తెల్లారేదాకా మిషన్ మీదే ఉన్నా. ఈసారి మా ఆవిడ ఊరుకోదు.

అక్క (కెమెరా వైపు): విన్నారుగా. తొందరంతా జాకెట్‌తోనే. కొత్తది కుట్టించుకోవాలంటే ఏడులోపు రండి. మ్యాచింగ్ జాకెట్ ఇంట్లో ఉంటే 11 సాయంత్రం వచ్చినా ఇబ్బంది లేదు, ఫాల్, పికో మర్నాటికి ఇచ్చేస్తాం. కాకపోతే అప్పటికి మీరు కోరిన రంగు ఉంటుందని మాత్రం మాటివ్వలేను.

దృశ్యం 5
కౌంటర్. అక్క చీర మడతపెడుతూ మాట్లాడుతుంది.

అక్క: జీతం పడ్డాక కొందామనుకుంటే 500 కట్టి పక్కన పెట్టించుకోండి. మనసు మారితే ఆ 500 వెనక్కిస్తాం. అమ్మకో అత్తగారికో తీసుకెళ్ళి, అక్కడ నచ్చలేదంటే జనవరి 31 దాకా మార్చుకోవచ్చు. బిల్లుండాలి, ఫాల్ వేసుండకూడదు. మెజెస్టిక్‌లో ఊరి బస్సెక్కేవాళ్ళకి మెట్రోలో ఒక్క స్టేషనే. ఆదివారాలు కూడా తెరిచే ఉంటాం. ఈ పండక్కి చీర అక్కర్లేదనుకుంటే, ఊరికే వచ్చి అంచు చూసి వెళ్ళండి. కాఫీ ఇస్తాం.

చివరి షాట్
మళ్ళీ పలక. షూటింగ్ నడుస్తుండగా నిజంగా ఒక చీర అమ్ముడైతేనే అక్క తడిగుడ్డతో 64 చెరిపి 63 రాస్తుంది. అమ్ముడవకపోతే 64 మీదే ఆపేయండి.