తాతగారి బీరువా: ఫోటోలో కనిపించిన పుస్తకాలు

అత్తయ్యా, మైలాపూర్ ఇంటి నుంచి మీరు పంపిన ఫోటో చూసి రాశాను. ఎడమ నుంచి కుడికి, పై అర నుంచి కిందికి. వెన్ను మీద రచయిత పేరు లేకపోయినా నాకు తెలిసి చేర్చినచోట * పెట్టాను. అనుమానం ఉన్నచోట (?) ఉంది.

పై అర

1. వేయిపడగలు – విశ్వనాథ సత్యనారాయణ
2. చివరకు మిగిలేది – బుచ్చిబాబు
3. [తిరగేసి ఉంది] కాగితాల అంచే కనిపిస్తోంది. లావు పుస్తకం.
4. మాలపల్లి, రెండో భాగం – ఉన్నవ లక్ష్మీనారాయణ*. మొదటి భాగం ఎక్కడా కనబడలేదు. 3వది అదేనేమో అనిపించింది గానీ, అట్ట రంగైనా తెలియనిదాన్ని పేరు పెట్టి రాయడం ఇష్టం లేకపోయింది.
5. అసమర్థుని జీవయాత్ర – గోపీచంద్
6. [సగం దాగింది, ముందు వినాయకుడి బొమ్మ ఉంది] పైన ‘కాలా’, కింద ‘శ్రీదేవి’ కనిపిస్తున్నాయి. కాలాతీత వ్యక్తులు – పి. శ్రీదేవి. ఆవిడ రాసిన నవల అదొక్కటే కాబట్టి దీనికి (?) పెట్టలేదు.

మధ్య అర (ఫ్లాష్ సరిగ్గా ఇక్కడే అద్దం మీద పడింది)

7. మహాప్రస్థానం – శ్రీశ్రీ
8. అమృతం కురిసిన రాత్రి – తిలక్
9. [చదవలేను] తెల్లటి మెరుపు తప్ప ఏమీ లేదు.
10. చదువు (?) – [రచయిత పేరున్న చోట చిరిగింది]. కొడవటిగంటి కుటుంబరావు నవల కావచ్చు. కానీ వెన్ను పైభాగం కూడా ఊడిపోయింది, ‘చదువు’కి ముందు ఇంకో మాట ఉండేదేమో.
11–14. [నాలుగూ ఖాకీ అట్టలు వేసినవి] ఒకదాని మీద తాతగారి చేతిరాతతో ‘బా.పా. 1’ అని ఉంది. మొక్కపాటి వారి బారిష్టర్ పార్వతీశం మూడు భాగాలు కాబట్టి మొదట అదే అనుకున్నాను. బాలల పాటలూ కావచ్చు కదా! మిగతా మూడింటి మీద ఏమీ లేదు.
15. ఇల్లాలి ముచ్చట్లు – ‘పురాణం సీత’ అని ఉంది. అది పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారి కలం పేరే, ఆడవాళ్ళెవరో అనుకుని విడిగా రాసుకోకండి.

కింది అర (పడుకోబెట్టిన దొంతర, పై నుంచి)

16. శబ్దరత్నాకరము – బహుజనపల్లి సీతారామాచార్యులు. తలకిందులుగా ఉంది, ఫోటో తిప్పి చదివాను.
17. చందమామ బైండు, 1962
18. చందమామ బైండు, 1963
19. చందమామ బైండు, 196[చివరి అంకె చెరిగింది]
20. [చదవలేను] చెద తిన్నట్టుంది. దీన్ని విడిగా పెట్టండి, పక్కవాటికి ఎక్కుతుంది.

మధ్య అరలో 7, 8 సన్నటివి కదా, వాటి సందులోంచి వెనక ఇంకో వరస కనిపిస్తోంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు.

ఆదివారం వీలైతే బీరువా తలుపు తీసి, ఫ్లాష్ ఆపి, అరకొక ఫోటో పంపండి. 3వదాన్ని ఇటు తిప్పండి. ఖాకీ అట్టలు విప్పొద్దు, లోపలి మొదటి పేజీ తీస్తే చాలు. తాతగారు అంటించిన బంక ఇన్నేళ్ళకి అట్టతో పాటే ఊడొస్తుంది.