చాపలు పరిచే చేతులకూ వరమే

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ ఆదివారం పాఠం 1 కొరింథీయులకు 12వ అధ్యాయం. బైబిళ్లు తెరవండి.

కొరింథు సంఘంలో భాషలతో మాట్లాడేవాళ్లు తామే గొప్ప అనుకున్నారు. పౌలు వాళ్లకు శరీరం సంగతి చెప్పాడు. 15వ వచనంలో పాదం, 'నేను చెయ్యిని కాను కదా' అని చిన్నబుచ్చుకుంటుంది. 21వ వచనంలో కన్ను చేతితో 'నువ్వు నాకక్కర్లేదు' అని చెప్పజాలదు అంటాడు. ఒకటి పోల్చుకుని కుంగిపోవడం, ఇంకొకటి పోల్చుకుని ఉబ్బిపోవడం. రోగం ఒక్కటే. మనం గర్వాన్ని పాపం అంటాం గానీ, మొదటిదాన్ని వినయం అనుకుని వదిలేస్తాం.

ఇప్పుడు 28వ వచనం చూడండి. అద్భుతాలు, స్వస్థతల వరుసలోనే ఉపకారాలు చేసేవాళ్లు కూడా ఉన్నారు! మన హనుమకొండ మందిరంలో పొద్దున్నే వచ్చి చాపలు పరిచే అక్క, ఎంజీఎంలో ఉన్న రోగులకు అన్నం డబ్బా మోసుకెళ్లే తమ్ముడు ఆ వరుసలోని వాళ్లే. మైకు పట్టుకున్న నాకు పేరొస్తుంది, వాళ్లకు రాదు. ఇది నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

'కృపావరం' అన్న మాటలోనే కృప ఉంది. మన కష్టార్జితం కాదు. 11వ వచనం ప్రకారం ఆత్మ తన చిత్తం చొప్పున పంచి ఇస్తాడు. ఇక నీది పెద్దదా, నాది పెద్దదా అన్న లెక్కెందుకు?

ప్రార్థన అయ్యాక పక్కన కూర్చున్నవాళ్లతో, వాళ్లలో మీరు చూసిన ఒక వరం చెప్పండి. మీ గురించి వాళ్లను చెప్పనివ్వండి. వచ్చే ఆదివారం చాపల వంతు నాది.