బాబాయ్ పంపిన జీఎస్టీ నోటీసు: ఏ పేజీ ఏమడుగుతోంది, ఏ తేదీకి ఏం చెయ్యాలి

బాబాయ్, ఫోటోలు నాలుగూ చూశాను. ఇది డబ్బు కట్టమని వచ్చిన ఆర్డరు కాదు, షోకాజు నోటీసు. "మీరు ఇంత బాకీ అని మాకు అనిపిస్తోంది, కాదంటే ఎందుకు కాదో చెప్పండి" అని అడుగుతున్నారు, అంతే. బ్యాంకు ఖాతా ఆపేస్తారని పక్క కొట్టు ఆయన అన్నాడట. వసూలు దాకా రావాలంటే ముందు మీ జవాబు, తర్వాత విచారణ, ఆ తర్వాత ఆర్డరు, దాని మీద అప్పీలు గడువు, ఇవన్నీ దాటాలి. ఈ రాత్రికి టెన్షన్ పడకుండా పడుకోండి. పిన్నికి కూడా చెప్పండి.

మర్చిపోకూడని తేదీ ఒక్కటే: అక్టోబర్ 24, శుక్రవారం. దాని సంగతి కింద రాశాను.

మొదటి ఫోటోలో పైన DRC-01 అని ఉంది. ఇది నోటీసు సారాంశం. దాని కింద రిఫరెన్సు నంబరు, 24-09-2025 తేదీ, మీ జీఎస్టీ నంబరు, షాపు పేరు, వన్‌టౌన్ అడ్రసు ఉన్నాయి. నంబరు మొదట్లో 37 ఉంది, అది మన రాష్ట్రం కోడ్. ఆ తర్వాతి పది అక్షరాలు మీ పాన్, సరిపోయాయి. అడుగున సంతకం దగ్గర పసుపురంగు ప్రశ్నార్థకం చూసి "ఇది దొంగ నోటీసేమో" అన్నారు కదా. పీడీఎఫ్ మీ కంప్యూటర్లో తెరిస్తే డిజిటల్ సంతకానికి ఆ గుర్తు చాలాసార్లు అలాగే వస్తుంది. దాన్నిబట్టి దొంగదో అసలుదో తేల్చలేం. మీ లాగిన్‌లో ఈ నోటీసు కనిపిస్తోందా లేదా అన్నదే అసలు పరీక్ష. జీఎస్టీ పోర్టల్‌లో Services > User Services > View Additional Notices/Orders లోకి వెళ్తే ఇదే రిఫరెన్సు నంబరుతో ఉండాలి. అక్కడి నుంచి పీడీఎఫ్ దించి నాకు పంపండి. రెండో ఫోటోలో మీ బొటనవేలు సరిగ్గా వడ్డీ కాలమ్ మీద పడింది. దానికంటే పెద్ద సమస్య, నోటీసుకి జతచేసిన ఎక్సెల్ పట్టీ మీరు ఫోటో తీయలేదు. ఏ సప్లయర్, ఏ బిల్లు, ఏ నెల అన్నది అందులోనే ఉంటుంది. అది లేకుండా జవాబు రాయలేం.

"సెక్షన్" అన్న గడిలో 73 అని ఉంది. ఇది మనకు మంచిదే. మోసం, దాచిపెట్టడం లాంటి ఆరోపణ ఉంటే 74 అని వేసేవాళ్లు, పెనాల్టీ పన్నుతో సమానంగా ఉండేది. 73 అంటే పొరపాటు జరిగిందని వాళ్ల ఉద్దేశం. ఆర్థిక సంవత్సరం 2021-22. ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు 2022 డిసెంబర్ 31. అక్కడి నుంచి మూడేళ్లలోపు, అంటే ఈ డిసెంబర్ 31కల్లా వాళ్లు ఆర్డరు ఇవ్వాలి, దానికి కనీసం మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి ఉండాలి. అందుకే సెప్టెంబర్ ఆఖర్లో ఇవి గంపగుత్తగా వస్తుంటాయి. మీ ఒక్కరి మీదే ఎవరో కన్నేశారని అనుకోవద్దు.

మూడో ఫోటోలో లెక్క ఉంది. పన్ను 1,96,060, వడ్డీ 1,35,280, పెనాల్టీ 20,000, మొత్తం 3,51,340. మీరు చూసి కంగారుపడింది ఈ చివరి అంకె. పెనాల్టీ పది శాతమైతే 19,606 రావాలి కదా అని అడుగుతారని తెలుసు. పది శాతం లేదా పదివేలు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. సెంట్రల్ చట్టానికి ఒక లెక్క, స్టేట్ చట్టానికి ఒక లెక్క. ఒక్కోదానికి పన్ను 98,030, పది శాతం 9,803, అది పదివేలకు తక్కువ కాబట్టి పదివేలు, పదివేలు వేశారు.

ఇక ఆ 1,96,060 ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. మూడు పాయింట్లు రాశారు, ఒక్కోదానికి మన జవాబు వేరు.

మొదటిది 1,46,200. కొన్న సరుకు మీద కట్టిన పన్నుకు మీరు 3బి రిటర్నులో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌కీ, సప్లయర్లు చూపించిన బిల్లులతో తయారయ్యే 2ఎలో కనిపిస్తున్న క్రెడిట్‌కీ తేడా అట. ఏడాది మొత్తాన్నీ ఒక్క ముద్దగా పోల్చారు. దాన్ని మనం విడగొట్టాలి. మీరు 2021 ఏప్రిల్, మే నెలల్లో తీసుకున్న క్రెడిట్‌లో కొంత అంతకుముందు ఆర్థిక సంవత్సరపు మార్చి బిల్లులది అయ్యుంటుంది. అలా తీసుకోవడానికి అప్పటి చట్టం ప్రకారం 2021 సెప్టెంబర్ నెల రిటర్ను గడువు దాకా వీలుంది. ఆ బిల్లులు 2020-21 సంవత్సరం 2ఎలో కనిపిస్తాయి, ఈ ఏడాది 2ఎలో వెతికితే కనిపించవు. నా అంచనా, తేడాలో పెద్ద భాగం ఇదే. మీ మార్చి 2021 కొనుగోళ్ల రిజిస్టరు చూస్తే తేలిపోతుంది.

అది పోగా మిగిలింది సప్లయర్లు తమ రిటర్నులో చూపించని బిల్లులు, లేదా మీ జీఎస్టీ నంబరు తప్పు కొట్టిన బిల్లులు. ఇక్కడ 2021 డిసెంబర్ 31 ఒక గీత. దానికి ముందు నెలల్లో, 2ఎలో కనిపించిన క్రెడిట్ మీద ఐదు శాతం దాకా ఎక్కువ తీసుకోవడానికి రూల్ 36(4) ఒప్పుకుంది. అలాంటి బిల్లులకు ఎలా రుజువు చూపించాలో 2023 జూలై 17 నాటి 193వ సర్క్యులర్‌లో ఉంది. ఒక సప్లయర్ దగ్గర ఏడాది తేడా ఐదు లక్షలు దాటకపోతే, "ఈ సరుకు మేమే అమ్మాం, పన్ను కట్టాం" అని ఆ సప్లయర్ రాసిచ్చిన సర్టిఫికెట్ చాలు. చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2022 జనవరి నుంచి మాత్రం, నెలనెలా పోర్టల్‌లో వచ్చే 2బి పట్టీలో లేని బిల్లుకు క్రెడిట్ లేదు. ఆ మూడు నెలల్లో అలాంటివి ఉంటే వాదించి లాభం లేదు, కట్టేద్దాం.

రెండో పాయింటు 38,340. మీరు తాళాలు, గొళ్లాలు తెప్పించిన ఆ పార్టీ రిజిస్ట్రేషన్ తర్వాత రద్దయింది, అదీ పాత తేదీ నుంచి. కాబట్టి మీరు తీసుకున్న క్రెడిట్ చెల్లదంటున్నారు. దీని మీద గట్టిగా నిలబడాలి. మీరు కొన్న రోజున అతని నంబరు నడుస్తోందా, సరుకు నిజంగా వచ్చిందా, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లిందా అన్నవే మన రుజువులు. బిల్లు, వే బిల్లు, లారీ ఆఫీసు ఎల్ఆర్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు లైను, మీ లెడ్జర్‌లో అతని ఖాతా, ఇన్నీ కావాలి. 180 రోజుల్లోపు డబ్బు చెల్లించారో లేదో కూడా చూడండి, దాటితే అదొక కొత్త తలనొప్పి. ఎల్ఆర్ కాపీలు మేడ మీద గోనెసంచిలో ఉన్నాయని ఒకసారి అన్నారు. ఆ సంచి ఇప్పుడు కిందికి దించాలి.

మూడోది 11,520. కారు రిపేరు, ఇన్సూరెన్సు బిల్లుల మీద తీసుకున్న క్రెడిట్. అది షాపు పని మీద తిరిగే కారే అయినా, పదముగ్గురు లోపు కూర్చునే బండి కాబట్టి సెక్షన్ 17(5) ఒప్పుకోదు. దీని మీద పోట్లాడితే మిగతా రెండు పాయింట్ల మీద మన మాటకు విలువ తగ్గుతుంది. కట్టేద్దాం. వడ్డీ ఏడాదికి 18 శాతం లెక్కన 2,074, ఇన్నేళ్లకు ఎనిమిది వేల పైచిలుకు అవుతుంది. అయితే ఒక మెలిక ఉంది. తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ను వాడుకుంటేనే వడ్డీ. మీ క్రెడిట్ లెడ్జర్‌లో నిల్వ అప్పటి నుంచి ఏ నెలా ఈ మొత్తం కంటే కిందికి దిగకపోతే వడ్డీ ఉండదు. లెడ్జర్ చూశాక చెబుతాను.

ఇప్పుడు అక్టోబర్ 24 సంగతి. ఆ ఒక్క రోజు రెండు పనులకు ఆఖరు. ఒకటి, DRC-06లో జవాబు పెట్టడం. రెండోది నోటీసులో పెద్దగా కనిపించదు: నోటీసు ఇచ్చిన 30 రోజుల్లో పన్ను, వడ్డీ కట్టేసిన భాగానికి పెనాల్టీ ఉండదు. అందుకే కారు తాలూకు డబ్బు అక్టోబర్ 15కల్లా DRC-03లో, ఈ నోటీసు నంబరు వేసి కట్టేద్దాం. పన్ను క్రెడిట్ నిల్వలోంచి కట్టొచ్చు, వడ్డీ మాత్రం నగదే.

నాలుగో ఫోటోలో పర్సనల్ హియరింగ్: నవంబర్ 4, మంగళవారం, ఉదయం 11:30, మీ సర్కిల్ ఆఫీసు. జవాబు పెట్టేటప్పుడు హియరింగ్ కావాలా అన్న చోట "అవును" అనే పెట్టాలి. నేను వస్తాను, మీరు ఆథరైజేషన్ లెటర్ మీద సంతకం పెట్టాలి. వాయిదా అడగొచ్చు, చట్టం మూడుసార్ల దాకా ఒప్పుకుంటుంది, కానీ డిసెంబర్ ఆఖరు తరుముకొస్తోంది కాబట్టి ఆఫీసరు ఆగడు. ఆ లెక్కతో కూర్చోకూడదు.

జవాబు పెట్టకపోతే ఏమవుతుందంటారా? ఉన్న కాగితాల మీదే DRC-07 ఆర్డరు వేస్తారు, మొత్తం 3,51,340కి. దాని మీద మూడు నెలల్లో అప్పీలుకి వెళ్లాలంటే వివాదంలో ఉన్న పన్నులో పది శాతం ముందు కట్టాలి. ఇప్పుడు ఊరికే అయిపోయే పని అప్పుడు డబ్బు పెట్టి చేయించుకోవాలి.

మీ ఫ్రెండు చెప్పిన వడ్డీ మాఫీ స్కీము 2017-18 నుంచి 2019-20 దాకా ఉన్న మూడేళ్లకే. మనకు వర్తించదు. దాని కోసం ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

దసరాకి మీ వీధి అంతా అమ్మవారి భక్తులతో కిక్కిరిసి ఉంటుంది, అక్టోబర్ 2 దాకా సప్లయర్లూ దొరకరు. 3వ తేదీ నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి 10వ తేదీకల్లా సర్టిఫికెట్లు తెప్పించండి. 20న దీపావళి, ఆ వారం ఎవరూ సంతకాలు పెట్టరు. నేను 11వ తేదీ శనివారం గుంటూరు నుంచి వస్తాను, మధ్యాహ్నం నుంచి మీ షాపులోనే కూర్చుని జవాబు రాద్దాం. ఈలోపు పీడీఎఫ్, ఆ ఎక్సెల్ పట్టీ, 2021 మార్చి నుంచి 2022 మార్చి దాకా కొనుగోళ్ల రిజిస్టరు నాకు మెయిల్ చెయ్యండి. లాగిన్ పాస్‌వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, నాకు ఫోన్లో చెప్పండి. జవాబు పెట్టే రోజు ఓటీపీ మీ నంబరుకే వస్తుంది, ఆ పూట ఎక్కడికీ వెళ్లకండి.