కొలతలు

ఆ ఖాకీ చొక్కా చూడగానే టైలర్ సత్యానికి కోపమొచ్చింది, ఎందుకంటే అది తన చేత్తో కుట్టిందే, ఆర్టీసీ కండక్టర్ శీనుకి, ఏడాదిగా షాపు మొహం చూడనివాడు ఇప్పుడు సైజు తగ్గించమని భార్యతో పంపించాడు.

"ఏమ్మా, అంత చిక్కిపోయాడా? కొలతలకి తనే రావచ్చుగా?"

"పోయిన శ్రావణంలో డ్యూటీలోనే గుండెపోటొచ్చింది బాబాయి గారూ. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు."

సత్యం కత్తెర పక్కన పెట్టేశాడు. ఏమనాలో తోచక, "మరి ఇది ఎవరికమ్మా, బాబుకా?" అన్నాడు.

"నాకే. ఆయన ఉద్యోగం నాకిచ్చారు, సోమవారం నుంచి అదే డిపోలో డ్యూటీ. కొత్త బట్ట ఇస్తామన్నారు గానీ నాకు ఇదే కావాలి, చీర మీదకి వచ్చేలా నా కొలతలు తీసుకోండి."

ఆయన టేపు తీశాడు. భుజాలు లోపలికి పట్టాలి, పొడవు తగ్గించాలి, జేబూ చిన్నది చేయాలి. సుద్దతో గీయబోతుంటే ఆమె ఆపింది.

"జేబు మాత్రం అలాగే ఉంచండి. చిల్లరకి కావాలి."