మొదట్లో జానెడు

చెట్ల మానులకు పూసే మందుకని మైలుతుత్తం రాత్రే నానేసినాడు నారాయణప్ప సారు. కిలో పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి, ఐదు లీటర్ల నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్టులో పైపైన మునిగేట్టు కర్రకు వేలాడదీశాడు. అడుగున పడేస్తే గడ్డకట్టి తెల్లారినా కరగదు. పైన ఉంటే కరిగిన నీలం బరువుకు కిందికి దిగిపోతూ ఉంటుంది, మూటకు ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు తగులుతుంటాయి. ఇనప బకెట్టు మాత్రం పనికిరాదు. తుత్తంలోని రాగి ఇనుముకు పట్టుకుంటుంది, బకెట్టూ తినేస్తుంది, మందు బలమూ పోతుంది.

నార్పల మండలంలో ఆ ఊరికి ఆయన అయ్యవారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రం చెప్పి, పన్నెండేళ్ల కిందట యాభై ఎనిమిదికి రిటైరయ్యాడు. రెండెకరాల చీనీ తోట ఆ తర్వాతదే. ఇరవై అడుగులకొక చెట్టు చొప్పున రెండు వందల పదహారు పెట్టాడు. ఇప్పుడున్నవి నూట ఎనభై చిల్లర. పోయినవన్నీ బంక తెగులుకు పోయినవే.

కొడుకు శేఖర్ శనివారం పొద్దున బెంగుళూరు బస్సు దిగి, చేతిసంచి అరుగు మీద పెట్టి నేరుగా విషయానికొచ్చాడు.

"సోమవారం తోట కొనే ఆయన అడ్వాన్సు తెస్తానంటాండాడు నాయనా. నువ్వు ఒక మాట చెప్తే నేను ఇంటాయనతో మాట్లాడతా. మూడు గదుల ఇల్లు, మా అపార్ట్‌మెంటులోనే, కింది అంతస్తు. నీకొక గది."

"ముందు సున్నం పట్రా. మధ్యాహ్నం లోపల పూయాల, సాయంత్రానికి ఆ మందు పనికిరాదు."

శేఖర్‌ది ఒట్టి మొండిపట్టు కాదు. ఆగస్టులో ఒకరోజు సారు పొద్దున్నే చక్కెర మాత్ర వేసుకుని, వచ్చాక తిందాంలే అని తోటకు పోయి, మోటారు షెడ్డు దగ్గర చెమటలు పట్టి కూలబడ్డాడు. పక్క చేని ఆంజనేయులు చూసి బెల్లం నీళ్లు తాగించకపోతే ఏమయ్యేదో. మాత్ర పని మాత్ర చేస్తుంది, కడుపులో తిండి లేకపోతే అది ఉన్న చక్కెరనే దించేస్తుంది. ఆ సంగతి ఆంజనేయులు ఫోన్లో చెప్పేదాకా శేఖర్‌కు తెలియదు. తన నాయన చెప్పలేదన్నదే అతన్ని ఎక్కువ బాధించింది. అమ్మ పోయి రెండేళ్లు. ఆ ఇంట్లో రాత్రి ఏం జరిగినా తెల్లారేదాకా ఎవరికీ తెలియదు.

పోయిన వేసవిలో సారు యలహంకలో కొడుకింట్లో నెల ఉండి వచ్చాడు. కోడలు మంచిది, వేళకు జొన్నరొట్టె చేయించేది. మనవరాలు పొద్దున ఏడున్నరకు బడి బస్సెక్కితే నాలుగున్నరకు వచ్చేది, ఆ వెంటనే ట్యూషన్. కొడుకూ కోడలూ రాత్రి ఎనిమిదికి. ఆ మధ్య గంటలు ఎట్ల గడిచాయని ఆయన్ను ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కిలో సున్నం రాళ్లను ఇంకో బకెట్టులో వేసి, శేఖర్ కొద్దికొద్దిగా నీళ్లు చిలకరించాడు. ఒకేసారి పోస్తే భగ్గున ఉడికి మొహం మీదికి చిందుతుంది. ఉడుకు తగ్గాక ఐదు లీటర్లకు నీళ్లు చేర్చి, గోనెపట్టలో వడగట్టి రాళ్లు తీసేశాడు. ఆంజనేయులు వచ్చి తుత్తం నీళ్లనూ సున్నం పాలనూ రెండు చేతులతో ఒకేసారి మూడో బకెట్టులోకి వంచాడు. ఆకాశపు నీలం రంగులో చిక్కటి ముద్ద తయారైంది.

సారు చొక్కా జేబులోంచి గరుకు కాగితంతో తోమిన మేకు తీసి, ముద్దలో నిమిషం సేపు ముంచి, పైకి తీశాడు. కొసన ఎర్రటి పొర.

"ఏమైంది శేఖరా?"

"రాగి పట్టింది. సున్నం చాల్లేదు." పదో తరగతిలో ఆయన దగ్గరే నేర్చుకున్న పాఠం, ఇంకా నోట్లోనే ఉంది. "ఇనుము రాగిని తోసేసి తాను కరుగుతుంది. సున్నం సరిపోయుంటే రాగి విడిగా ఉండదు, మేకు మేకులాగే ఉంటాది."

"అట్లే పూస్తే?"

"బెరడు కాలుతాది సారూ," అన్నాడు ఆంజనేయులు. అతనూ ఆ తరగతిలో కూర్చున్నవాడే, రెండేళ్లు వెనక.

ఇంకొక రెండు దోసిళ్ల సున్నం పాలు కలిపాక మేకు తెల్లగా వచ్చింది.

కార్తీకంలో వానలు వెనక్కి తగ్గాక ఒకసారి, జూన్‌లో వానలకు ముందొకసారి, ఏడాదికి రెండు పూతలు. బంక కారే చోట ముందు కత్తితో గోధుమరంగు బెరడు గోకి, ఆరోగ్యంగా ఉన్న పచ్చ బెరడు కనిపించాక ఆపాలి. గోకిన పెచ్చులు తోటలో పడేస్తే తెగులు మళ్లీ మట్టిలోకే పోతుంది, అందుకే ఆంజనేయులు వాటిని తట్టలో పోగేసి కాల్చేస్తున్నాడు. శేఖర్ ప్యాంటు మడిచి చెట్టు కింద గొంతుకూర్చుని బ్రష్షు అందుకున్నాడు.

నాలుగో చెట్టు దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. జూన్‌లో పూసిన మందు తెల్లబడి మాను చుట్టూ ఇంకా కనిపిస్తోంది. నేలకు జానెడు పైన అది తెగిపోయింది. ఆ జానెడంతా ఒట్టి బెరడు, మధ్యలో జిగురు కారి ఎండిన చారలు. లేచి పక్క చెట్టు చూశాడు. దాని పక్కది చూశాడు. వరసంతా అంతే.

"నాయనా, ఇది నువ్వే పూసినావా?"

సారు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆ పీట మీద కూర్చుని చెయ్యి చాపితే ఎంత అందుతుందో శేఖర్ కళ్లతో కొలుచుకున్నాడు. సరిగ్గా అంతే.

బంక తెగులు మొదలయ్యేదే ఆ జానెడులో. అంటుకట్టు అక్కడుంటుంది, పాదులో నీళ్లు నిలిచేదీ అక్కడే, తెగులు బూజు తడి మట్టిలోంచి ఎగబాకేదీ అక్కడినుంచే. పైన ఎంత దట్టంగా పూసినా కింద వదిలేస్తే పూయనట్టే లెక్క. ఈ మాట పిల్లలకూ రైతులకూ ఎన్నోసార్లు చెప్పిన మనిషి ఆయన.

"మోకాళ్లు వంగవు," అన్నాడు సారు. "పోయిన ఏడాది నుంచి."

"జూన్‌లో నేను పూస్తానంటే అయిపోయిందన్నారు గదా సారూ," అన్నాడు ఆంజనేయులు మెల్లగా.

"అన్నాను."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. శేఖర్ మొదట్లో మట్టిని చేత్తో వెనక్కి లాగి, అంటుకట్టు బయటపడేదాకా తీసి, అక్కడినుంచి పైకి పూసుకుంటూ వచ్చాడు. ఆ చెట్టయ్యాక అన్నాడు: "చెట్టు మొదలు దాకా వంగలేనోడివి ఇక్కడ ఒక్కడివే ఎట్లుంటావు? చెప్పు. నేను కోపంతో అడగడంల్యా."

"వంగలేనప్పుడు వంగేవాళ్లకు చెప్పాల. చెప్పకపోవడం నాదే తప్పు. దానికి తోట అమ్మాల్సిన పనిల్యా." సారు మాట కూడగట్టుకున్నాడు. "శేఖరా, అక్కడ మీరు నాకు ఏ లోటూ చేయలేదు. అక్కడ నన్నెవురూ ఏమీ అడగరు, అంతే. ఇక్కడ పొద్దున లేస్తే ఒకడు పింఛను కాగితం పట్టుకొస్తాడు, ఒకడు ఆకు మచ్చలు తెస్తాడు, ఒకామె పిల్లోణ్ణి లెక్కలకు వదిలిపోతాది. నాకు తెలిసిందంతా ఆ పనుల్లోనే ఉంది. ఇంకొన్నేళ్లు అది వాడుకోనీ."

జేబులో ఫోను మోగింది. కొనే మనిషే. సారు స్పీకరు పెట్టాడు. "తోట అమ్మడంల్యాప్పా. పంటకు కావాలంటే ఆగస్టులో రా, కాయ చూసి మాట్లాడదాం. టన్నుకు క్వింటాలు సూటని తరుగు మాత్రం తీయనివ్వను, ఇప్పుడే చెప్తాండా."

శేఖర్ అడ్డు చెప్పలేదు. బ్రష్షు బకెట్టు అంచున ఆనించి, చేతులు తుడుచుకుని, "అట్లయితే నా మాటలు కూడా రాసుకో," అన్నాడు.

చీనీ చెట్టు నీడలో, ఆంజనేయులు భార్య లక్ష్మి తెచ్చిన సంగటి, శెనక్కాయల చట్నీ తింటూ రాసుకున్నారు. తోట ఆంజనేయులుకు సగం కోరు. చేసే పనంతా అతనిది, ఎరువుల ఖర్చు చెరిసగం, లెక్కలూ అమ్మకమూ సారువి. తడి మానుకు తగలకుండా పాదులన్నీ రెండు గట్లవి చేసి, నీళ్లు ఆ రెండు గట్ల మధ్యనే పారించాలి. ఏదైనా తిన్నాకే మాత్ర, ఆ తర్వాతే తోట. జేబులో గ్లూకోజు. మూడు నెలలకోసారి అనంతపురంలో రక్తపరీక్ష, కాగితం ఫోటో తీసి పంపాలి. రాత్రి ఏడుకు ఫోను, ఎత్తకపోతే పది నిమిషాల్లో లక్ష్మి తలుపు తడుతుంది. తాళంచెవి ఒకటి ఆమె దగ్గర.

డిసెంబరు మాట సారే ఎత్తాడు. చీనీని పూతకు తేవాలంటే ఆ నెల మధ్య నుంచి నెల పాటు నీళ్లు ఆపి బెట్టకు పెట్టాలి. ఎర్ర నేల కాబట్టి నెలకు మించి ఆపితే కొమ్మలు చివరల నుంచి ఎండుకొస్తాయి. అన్నాళ్లూ తోటలో చేసే పనేమీ ఉండదు.

"ఆ నెల మీ దగ్గరుంటా. సంక్రాంతికి అందరం కలిసి ఇక్కడికొద్దాం. మొదటి తడి నేనుండి పెట్టించాల, ఒక్కసారిగా నిండా పెడితే పిందె రాలిపోతాది. పాపకు ఆ నెల లెక్కలు నేను చెప్తా, ట్యూషన్ మాన్పించు."

"ట్యూషన్ మాన్పించేది మా ఆవిడను అడగాల," అన్నాడు శేఖర్. "ఇంకోటి. మళ్లీ ఒకసారి పడినావని తెలిస్తే, ఈ కాగితం చించేసి నిన్ను తీస్కపోతా. అప్పుడు మాట్లాడగూడదు."

సారు ఆ మాటా రాశాడు, కింద సంతకం పెట్టాడు.

"స్నానాల గదిలో పట్టుకునేదానికి కమ్మీ వేయించాల. ఈ రోజే. స్టీలుది, ఒకటిన్నర అడుగుది."

"అది రాతి గోడరా, మట్టి కట్టుబడి. మరలు బిగిస్తే మనిషి బరువు పడినప్పుడు ఊడి చేతికొస్తాయి. మేస్త్రీని పిలిచి నాలుగంగుళాలు తవ్వించి, కమ్మీ కాళ్లు లోపలికి వంచి పెట్టి, సిమెంటు కాంక్రీటు పోయించాల. వారం రోజులు తడపాల, అంతవరకూ దాన్ని పట్టుకోగూడదు."

"ఎవరు తడుపుతారు?"

"నేనే తడపాల."

శేఖర్ ఫోను తీసి ఆఫీసుకు మెసేజి పెట్టాడు, వచ్చే శనివారం దాకా ఇంటినుంచే పని చేస్తానని. తర్వాత సగమున్న బకెట్టు ఎత్తుకుని అడిగాడు: "రెండో వరసలో ఎన్నుండాయి ఆంజనేయా?"